ధనుర్వాతం, బోట్యులిజం: రెండు విషాలూ ఒకే పని చేస్తుంటే ఒకరు బిగుసుకుపోవడం, ఇంకొకరు వాలిపోవడం ఎందుకు?

హంద్రీ గట్టు (కర్నూలు)

అందరికీ నమస్కారం. నేను బీఎస్సీ మైక్రోబయాలజీ రెండో ఏడు చదువుతున్నాను. ఇది పరీక్ష కోసం అడుగుతున్న ప్రశ్న కాదు.

మా చిన్నాయనకు ఈ మధ్య ధనుర్వాతం వచ్చింది. చేను గట్టున కంప కొడుతుంటే సర్కారు తుమ్మ ముల్లు అరికాల్లో దిగింది. ఆయనే లాగేసి, పసుపు పెట్టి, మర్నాడు మళ్లీ పనిలోకి పోయాడు. తొమ్మిదో రోజు పొద్దున ముద్ద పెట్టుకోబోతే నోరు సరిగ్గా తెరుచుకోలేదు. పన్ను నొప్పి అనుకున్నాం. ఒక క్లినిక్‌లో కూడా పన్ను నొప్పే అని మాత్రలు ఇచ్చి పంపారు. మర్నాటి రాత్రికి మెడ, వీపు కొయ్యలా అయిపోయాయి. తలుపు చప్పుడైతే చాలు, ఒళ్లంతా విల్లులా వంగి లేచేది. ఆయనకు అన్నీ తెలుస్తూనే ఉన్నాయి, ఏడుస్తున్నాడు, కానీ నోరు పెగలదు. ఐసీయూలో 26 రోజులు ఉన్నాడు. బతికాడు.

ఆ తర్వాత క్లాసులో క్లాస్ట్రీడియం పాఠం వచ్చింది. బోట్యులినం విషం నాడి చివర నుంచి రసాయనం విడుదల కాకుండా ఆపుతుంది, కాబట్టి కండరాలు వాలిపోతాయి అన్నారు. ఇది అర్థమైంది. టెటనస్ విషం కూడా విడుదలనే ఆపుతుంది, కాబట్టి కండరాలు బిగుసుకుంటాయి అన్నారు. ఇక్కడే నాకు ఆగిపోయింది. రెండూ ఆపేవే అయితే ఫలితం ఇంత ఎదురుగా ఎలా ఉంటుంది? ఆ మంచం పక్కన కూర్చున్నప్పటి నుంచీ ఇదే తిరుగుతోంది మనసులో.

నల్లరేగడి (ఆదోని)

తుమ్మ ముల్లుకి ధనుర్వాతం రాదమ్మా. తుప్పు పట్టిన మేకు గాని, కొడవలి గాని తగిలి ఉంటుంది, ఆయనకు గుర్తులేక పోయి ఉంటుంది. ఇనుము తగిలితే 24 గంటల్లో టీటీ ఇంజెక్షన్ వేయించుకోవాలి, అంతే. మా ఇంట్లో అందరికీ అదే అలవాటు. నీ ప్రశ్నకు జవాబు ఇదే.

జీవశాస్త్రం మాస్టారు (ప్రొద్దుటూరు)

ఆ అమ్మాయి అడిగింది అది కాదన్నా.

హంద్రీ గట్టు, సులభంగా చెబుతాను. బోట్యులినం ఎసిటైల్ కోలిన్ విడుదలను ఆపుతుంది. ఆదేశం అందక కండరం వాలుతుంది. టెటనస్ దానికి తిరగబడి పనిచేస్తుంది. కండరం దగ్గర ఎసిటైల్ కోలిన్ ఎక్కువగా, ఆగకుండా విడుదలయ్యేలా చేస్తుంది. అందుకే బిగుసుకుంటుంది. ఒకటి కుళాయి కట్టేస్తుంది, ఇంకొకటి తెరిచి వదిలేస్తుంది. నేను ఇరవై ఏళ్లుగా పిల్లలకు ఇలాగే చెబుతున్నాను, ఎవరూ తికమక పడలేదు.

మత్తు డాక్టర్ (కర్నూలు)

నేను మత్తు డాక్టర్‌గా పనిచేసి రిటైరయ్యాను. ధనుర్వాతం రోగులను వెంటిలేటర్ మీద చూసుకోవడం మా పనిలో పెద్ద భాగంగా ఉండేది, ముఖ్యంగా మొదటి పదిహేనేళ్లు.

ముందుగా ముల్లు సంగతి. ముల్లుతో తప్పకుండా వస్తుంది. ఆ బ్యాక్టీరియా బీజాలు మట్టిలో, పేడలో ఉంటాయి. అవి మొలకెత్తాలంటే గాలి తగలని చోటు కావాలి. లోతుగా దిగి, పైన మూసుకుపోయిన ముల్లు గాయం వాటికి సరిపోతుంది. తుప్పుకీ దీనికీ సంబంధం లేదు. మేకు లోతుగా గుచ్చుకుంటుంది, దానికి మట్టి ఉంటుంది, అందుకే మేకుకు ఆ పేరు వచ్చింది.

మాస్టారుగారు, మీ మాటలో సగం నిజం. ధనుర్వాతంలో కండరం దగ్గర ఎసిటైల్ కోలిన్ ఎక్కువగా విడుదలవుతున్న మాట వాస్తవమే. కానీ విషం దాన్ని పెంచడం లేదు. ఈ విషానికి ఏ రసాయనాన్నీ పెంచే శక్తి లేదు. దానికి తెలిసింది కోయడం ఒక్కటే.

నాడి చివరన రసాయనం చిన్న చిన్న తిత్తుల్లో ఉంటుంది. ఆ తిత్తి వచ్చి నాడి పొరకు అతుక్కుని పగిలితేనే రసాయనం బయట పడుతుంది. అతికించేది మూడు ప్రోటీన్లు. తిత్తి మీద సినాప్టోబ్రెవిన్, పొర వైపు సింటాక్సిన్, స్నాప్-25. పగ్గం పేనేటప్పుడు పురులు ఒకదాని చుట్టూ ఒకటి తిరిగి బిగిసినట్టే ఇవి మూడూ పెనవేసుకుంటాయి. ఆ బిగింపే తిత్తిని లాగి పొరకు అదుముతుంది. ఒక్క పురి తెగినా పగ్గం బిగియదు.

బోట్యులినంలో రకాలున్నాయి. ఏ రకం స్నాప్-25 చివరి తోకలో తొమ్మిది అమైనో ఆమ్లాల ముక్కను కోసేస్తుంది. బి రకం సినాప్టోబ్రెవిన్‌ను 76, 77 అమైనో ఆమ్లాల మధ్య కోస్తుంది. ఇప్పుడు టెటనస్ విషం ఎక్కడ కోస్తుందో చూడండి. అదే సినాప్టోబ్రెవిన్‌ను, అవే 76, 77ల మధ్య. వెంట్రుక వాసి తేడా లేదు. 1992లో ఇటలీలో షియావో, మోంటెకూకో బృందం దీన్ని బయటపెట్టింది. ఒకే కత్తెర, ఒకే దారం, ఒకే చోట కోత. తేడా అంతా ఆ కత్తెర ఏ నాడిలో తెరుచుకుంటుందన్న దాంట్లోనే ఉంది.

హంద్రీ గట్టు

సార్, చాలా థాంక్స్. కానీ నాకు ఇంకా ముడి విడలేదు. రెండూ మోటార్ నాడి చివరనే లోపలికి పోతాయని పుస్తకంలో ఉంది. ఒకే తలుపులోంచి పోయి వేర్వేరు నాడుల్లో ఎలా తెరుచుకుంటాయి?

మత్తు డాక్టర్

సరైన చోట పట్టుకున్నావమ్మా. అసలు కథ అక్కడే ఉంది.

రెండు విషాలూ కండరం దగ్గర మోటార్ నాడి కొసను పట్టుకునే లోపలికి వెళతాయి. కానీ లోపల ఎక్కే బండి వేరు.

బోట్యులినం రసాయనపు తిత్తిలోనే ఎక్కుతుంది. పగిలి ఖాళీ అయిన తిత్తి మళ్లీ లోపలికి మడుచుకుంటుంది కదా, దానితో పాటే ఇదీ వెళుతుంది. ఆ తిత్తిని మళ్లీ ఎసిటైల్ కోలిన్‌తో నింపడానికి నాడి దాని లోపలికి ఆమ్లాన్ని పంపు చేస్తుంది. ఆ పులుపు తగలగానే విషం ఆకారం మారుతుంది. దాని కోసే భాగం తిత్తి గోడలోంచి నాడి రసంలోకి జారుతుంది. అంటే ఎక్కిన చోటే దిగిపోయింది. అక్కడే, కండరం పక్కనే కోత మొదలవుతుంది. ఎసిటైల్ కోలిన్ ఆగుతుంది, కండరం వాలుతుంది.

టెటనస్ విషంలో ఎక్కువ భాగం వేరే సంచిలో ఎక్కుతుంది. ఆ సంచి నాడి పొడవునా వెన్నుపాము దాకా వెనక్కి ప్రయాణిస్తుంది. దారి పొడవునా ఆ సంచిలో పులుపు పెరగదు. పులుపు లేదు కాబట్టి కత్తెర తెరుచుకోదు. అంటే మోటార్ నాడి తన శత్రువును మూటగట్టి, తనకేమీ కాకుండా మోసుకుపోతుంది.

వెన్నుపాములో ఆ మోటార్ నాడి మీద ఎన్నో ఇతర నాడులు వాలి ఉంటాయి. కొన్ని 'కదులు' అంటాయి, కొన్ని 'ఆగు' అంటాయి. ఆగు అనేవాటి రసాయనాలు గ్లైసిన్, గాబా. విషం మోటార్ నాడిలోంచి బయటపడి, ఎదురుగా ఉన్న ఈ ఆపే నాడి కొసలోకి దూకుతుంది. ఈసారి మాత్రం అది ఎక్కేది రసాయనపు తిత్తిలోకే. అక్కడ పులుపు తగులుతుంది, కత్తెర తెరుచుకుంటుంది, సినాప్టోబ్రెవిన్ తెగుతుంది. ఆగిపోయేది గ్లైసిన్, గాబా. ఆగు అనే మాట ఆగిపోయింది. మోటార్ నాడి ఆరోగ్యంగానే ఉంది, కానీ దాన్ని పట్టి ఉంచేవాళ్లు లేరు. అందుకే మాస్టారుగారు చెప్పిన ఎసిటైల్ కోలిన్ వరద.

మీ చిన్నాయన విల్లులా ఎందుకు వంగాడో కూడా ఇందులోనే ఉంది. మామూలుగా మోచెయ్యి మడిచేటప్పుడు ముందు కండరం బిగిస్తే వెనక కండరాన్ని వెన్నుపాము వదులు చేస్తుంది. ఆ పని చేసేది కూడా ఈ ఆపే నాడులే. అవి మూగబోతే ఎదురెదురు కండరాలు ఒకేసారి బిగుస్తాయి, బలమైనదే గెలుస్తుంది. నోరు మూసే కండరాలు తెరిచేవాటికంటే ఎంతో బలమైనవి, కాబట్టి దవడ మూసుకుపోతుంది. వీపు వెనక్కి వంచే కండరాలు పొట్ట కండరాలకంటే బలమైనవి, కాబట్టి ఒళ్లు విల్లవుతుంది. ధనుర్వాతం అని పేరు పెట్టినవాళ్లు సరిగ్గా చూసి పెట్టారు.

పెన్న ఇసుక (కడప)

ఇది చదివి నాకు భయమేసింది. నాకు ఎడమ కన్ను దానంతట అదే గట్టిగా మూసుకుపోయే జబ్బు ఉంది. నాలుగేళ్లుగా మూడు నెలలకోసారి కంటి చుట్టూ బొటాక్స్ ఇంజెక్షన్ వేయించుకుంటున్నాను. వేయించుకున్న మూడు నాలుగు రోజులకు కన్ను తేలిక పడుతుంది, మూడో నెలకు మళ్లీ మొదలు. అది ఈ విషమేనా? అది కూడా వెన్నుపాములోకి పోతే నాకు ధనుర్వాతం వస్తుందా?

మత్తు డాక్టర్

అమ్మా, భయపడకండి. అవును, అది బోట్యులినం ఏ రకమే. అమెరికాలో 1989లో మొదట అనుమతి ఇచ్చింది మీకున్న ఈ కంటి జబ్బుకూ, మెల్లకన్నుకూ. మీకు వేసే మోతాదు అతి స్వల్పం. అది సూది దింపిన చోట నాడి కొసల్లోనే దిగిపోతుంది.

మూడు నాలుగు రోజులు ఎందుకు పడుతుందంటే, విషం లోపలికి వెళ్లి తగినన్ని స్నాప్-25లను కోయాలి. మూడు నెలల తర్వాత ఎందుకు తగ్గుతుందంటే, నాడి కొత్త కొసలు వేస్తుంది, మెల్లగా పాత కొస కూడా కోలుకుంటుంది. నాడి చావలేదు, నోరు మాత్రమే కట్టుబడింది. మందు కొంచెం పక్కకు జారితే రెప్ప వాలడం, రెండుగా కనబడడం జరగొచ్చు. అలా అయితే వేసిన డాక్టర్‌కు చెప్పండి. మింగడం కష్టమైనా, ఊపిరి ఆడకపోయినా మాత్రం వెంటనే ఆస్పత్రికి వెళ్లండి.

ఎలుకల్లో ఏ రకం విషం కొంత వెనక్కి ప్రయాణించినట్టు కొన్ని ప్రయోగాల్లో కనబడింది. దానికి మనుషుల్లో ఎంత ప్రాధాన్యం ఉందన్న దాని మీద పరిశోధకుల్లో వాదన నడుస్తోంది. కానీ వైద్యపు మోతాదుతో ధనుర్వాతం లాంటిది రావడం మనం చూడం.

మందల డాక్టర్ (కళ్యాణదుర్గం)

నేను పశువైద్యుణ్ని. మా దగ్గర ఈ రెండూ కనబడతాయి కాబట్టి ఒక మాట.

పొట్టేలు పిల్లలకు వృషణాల మీద రబ్బరు రింగు వేసిన తర్వాత పది రోజులు, రెండు వారాలకు కాపరి ఫోన్ చేస్తాడు. 'కాళ్లు గుంజల్లా పెట్టుకుని నిలబడింది, చెవులు నిక్కినాయి, తట్టితే పడిపోతాంది' అంటాడు. అది ధనుర్వాతం. రింగు కింద కండ చచ్చి గాలి తగలదు కదా, ముల్లు గాయం లాంటిదే.

రెండోది ఆవుల్లో చూశాను. మేతలో భాస్వరం తక్కువైన పశువులు ఎముకలు నములుతాయి. కళేబరం ఎముకలో బోట్యులినం ఉంటే రెండు మూడు రోజుల్లో పశువు కూలబడుతుంది, నాలుక బయటికి వేలాడుతుంది, లాగితే వెనక్కి తీసుకోలేదు. పడిపోయింది అన్న మాట రెండింటిలోనూ వస్తుంది. అందుకే నేను ఫోన్‌లో ముందు అడిగేది ఒకటే: కాలు మడిచి చూడు, మడతపడుతుందా లేదా?

హంద్రీ గట్టు

డాక్టర్‌గారూ, ఇంకో రెండు అడగాలి. ముల్లు దిగింది కాల్లో. మరి ముందు బిగిసింది దవడ ఎందుకు? రెండోది, మాకు బాధగా మిగిలిపోయినది. ఆస్పత్రిలో చేరిన రోజే విషానికి విరుగుడు ఇంజెక్షన్ ఇచ్చారు. అయినా ఆ తర్వాత మూడు రోజులు ఇంకా ముదిరింది. మందు సరిగ్గా ఇవ్వలేదేమో, ఆలస్యం మేమే చేశామేమో అని చిన్నమ్మ ఇప్పటికీ కుమిలిపోతోంది.

మత్తు డాక్టర్

రెండింటికీ జవాబు ఒక్కటే, దూరం.

గాయం నుంచి విషం రక్తంలో కలిసి ఒళ్లంతా తిరిగి, ప్రతి కండరం దగ్గరా మోటార్ నాడి కొసలను పట్టుకుంటుంది. అన్ని చోట్లా ప్రయాణం దాదాపు ఒకేసారి మొదలవుతుంది. నాడి లోపల దాని వేగం రోజుకు సుమారు 7 నుంచి 25 సెంటీమీటర్లు. దవడ కండరం నుంచి మెదడు కాండం దాకా నాడి జానెడు కూడా ఉండదు. అరికాలి నుంచి వెన్నుపాము దాకా దగ్గర దగ్గర మీటరు. పొట్టి దారిలో వెళ్లింది ముందు చేరుతుంది. అందుకే దవడ, తర్వాత మెడ, వీపు, చివరకు కాళ్లు.

విరుగుడు బయట తిరుగుతున్న విషాన్నే పట్టుకోగలదు. నాడిలోకి ఎక్కేసిన దాన్ని తాకలేదు. మీరు చేరిన రోజుకే నాడుల్లో ప్రయాణంలో ఉన్న విషం తర్వాతి మూడు రోజుల్లో వెన్నుపాము చేరింది. ఆ ముదరడానికి అదే కారణం అయి ఉంటుంది. ఆ ఇంజెక్షన్ కొత్తగా ఎక్కబోయే విషాన్ని ఆపింది. మీ చిన్నమ్మకు ఈ మాట చెప్పమ్మా.

కోత పడ్డ ఆపే నాడి కోలుకోవడానికి వారాలు పడుతుంది. అప్పటిదాకా ఆ నాడి చేయాల్సిన పనిని మేము బయటి నుంచి చేస్తాం. డయాజెపామ్, మిడజోలామ్ లాంటివి మిగిలి ఉన్న గాబా పనికి బలమిస్తాయి. మెగ్నీషియం కూడా ఇస్తాం. గది చీకటి చేసి, చప్పుడు లేకుండా చూస్తాం. ఆయనకు రెండో వారంలో బీపీ ఒకసారి విపరీతంగా పెరగడం, ఇంకోసారి పడిపోవడం జరిగిందా?

హంద్రీ గట్టు

జరిగింది సార్! ఒక గంట 200 దాటేది, ఇంకో గంట 80కి పడేది. గుండె జబ్బు కూడా వచ్చిందేమో అని మేము బెంబేలెత్తిపోయాం.

మత్తు డాక్టర్

అదీ ఇదే కథ. అడ్రినలిన్ వైపు నాడులకు కూడా ఆపేవాళ్లు పోతారు. మంచి వెంటిలేటర్లు వచ్చాక ధనుర్వాతంలో ప్రాణాలు తీసేది ఎక్కువగా ఇదే.

పెన్న ఇసుక

పసిపిల్లల సంగతి కూడా చెప్పండి. మా జేజి పుట్టిన బిడ్డకు వస కొమ్ము తేనెలో అరగదీసి నాకిస్తుంది. తేనెలో ఈ బీజాలు ఉంటాయని ఎక్కడో విన్నాను.

మత్తు డాక్టర్

ఏడాది లోపు బిడ్డకు తేనె వద్దు. పెద్దల పేగులో ఆ బీజాలు సాధారణంగా మొలకెత్తవు, పసిబిడ్డ పేగులో మొలకెత్తి అక్కడే విషం తయారు చేయగలవు. ముందు మలబద్ధకం, తర్వాత ఏడుపు సన్నబడడం, మెడ నిలవకపోవడం.

ఇక్కడ గమనించాల్సిన విషయం ఒకటుంది. బొడ్డుకు పేడ రాసిన రోజుల్లో వచ్చే పసికందు ధనుర్వాతంలోనూ తల్లి చెప్పేది 'పాలు తాగడం లేదు' అనే. ఆ బిడ్డ మొదటి రెండు రోజులు బాగా తాగి, తర్వాత మానేస్తుంది, ఎత్తుకుంటే కర్రలా ఉంటుంది. బోట్యులిజం బిడ్డ ఎత్తుకుంటే చేతుల్లోంచి జారిపోతున్నట్టు ఉంటుంది. గర్భిణులకు టీకాలు, శుభ్రమైన కాన్పుల వల్ల మన దేశం పసికందు ధనుర్వాతాన్ని నిర్మూలన స్థాయికి తెచ్చిందని 2015లో ధ్రువీకరించారు.

ఇంకొకటి, మన ప్రాంతం వాళ్లు మరవకూడనిది. రాత్రి నేల మీద పడుకుని తెల్లవారి రెప్పలు వాలి, మింగలేక, ఊపిరి బరువైతే బోట్యులిజం అనుకుని కూర్చోకండి. ముందు కట్లపాము కాటు అనుకుని ఆస్పత్రికి పరిగెత్తండి. ఆ కాటుకు నొప్పి, వాపు దాదాపు ఉండవు. దాని విషం కూడా నాడి కొస మీదే దెబ్బ కొడుతుంది, అందుకే చూడటానికి ఒకేలా ఉంటుంది.

జీవశాస్త్రం మాస్టారు

డాక్టర్‌గారూ, నేను చెప్పిన కుళాయి ఉదాహరణ తప్పని ఒప్పుకుంటున్నాను. రేపటి నుంచి క్లాసులో మారుస్తాను. కానీ ఒక సందేహం. తలకు గాయమై వచ్చే ధనుర్వాతంలో గాయమైన వైపు ముఖం బిగియడం కాదు, చచ్చుబడుతుందని చదివాను. మీ లెక్క ప్రకారం బిగియాలి కదా?

మత్తు డాక్టర్

మంచి ప్రశ్న. అది నిజమే, నేనూ ఇద్దరిలో చూశాను. దవడ బిగుసుకుని, అదే వైపు కన్ను మూయలేక, మూతి పక్కకు పోయి ఉంటుంది. గాయం దగ్గర విషం మరీ ఎక్కువగా ఉండి, కొంత భాగం బోట్యులినంలా నాడి కొసలోనే దిగిపోయి కోస్తుందని ఒక వివరణ. ఎలుకలకు టెటనస్ విషం భారీగా ఎక్కిస్తే అవి బిగియకుండా బోట్యులిజం వచ్చినట్టు వాలిపోతాయి, కాబట్టి ఇది సాధ్యమే. నాడి వాపు వల్ల అని ఇంకొందరు అంటారు. నాకు మొదటిదే నమ్మబుద్ధి అవుతుంది, కానీ తేలిపోయిందని చెప్పను.

మందల డాక్టర్

నేను ఒప్పుకోలేకపోతున్నాను సార్. గొర్రెల్లో చెవి పోగు గాయం నుంచి ధనుర్వాతం ఎన్నోసార్లు చూశాను, ఆ వైపు చెవి వాలడం ఒక్కసారీ చూడలేదు. అక్కడా విషం దగ్గరే కదా. పశువుల్లో లెక్క వేరేనేమో.

నల్లరేగడి

డాక్టర్ సార్, ముల్లు సంగతి నేను తప్పు చెప్పినాను. నాకు 58 ఏళ్లు. చిన్నప్పుడు టీకాలు వేశారో లేదో తెలీదు. గాయమైనప్పుడు మాత్రం టీటీ వేయించుకున్నాను. అది చాలదా?

మత్తు డాక్టర్

మీ తరం మగవాళ్లకే ఇది ఎక్కువగా వస్తుంది. ఆడవాళ్లకు గర్భంతో ఉన్నప్పుడన్నా వేశారు, మీకు ఎవరూ వేయలేదు. గాయం తర్వాత వేసే ఒక్క సూది ఆ గాయానికి రక్షణ ఇవ్వదు. ఒంట్లో రక్షణ పుట్టేసరికి వారాలు పడుతుంది. మూడు డోసులు పూర్తి చేయాలి. ఇప్పుడు టీటీ బదులు టీడీ వేస్తున్నారు. మొదటిది, నాలుగు వారాలకు రెండోది, ఆరు నెలల నుంచి ఏడాది లోపు మూడోది.

హంద్రీ గట్టు, మీ చిన్నాయనకు టీకా వేశారా? జబ్బు వచ్చి తగ్గినవాళ్లకు మళ్లీ రాదని అనుకోవద్దు. మనిషిని చంపే విషం ఎంత తక్కువంటే, దాన్ని చూసి ఒంట్లో రక్షణ పుట్టదు.

హంద్రీ గట్టు

డిశ్చార్జి కాగితాల్లో టీకా మాట లేదు సార్. మాకు ఎవరూ చెప్పలేదు. మీ పోస్టు చదివిన పొద్దున్నే ఆయన్ని పీహెచ్‌సీకి తీసుకెళ్లాను. మొదటి టీడీ వేశారు, రెండో దానికి తేదీ రాసిచ్చారు. చిన్నమ్మకు, నాయనకు కూడా వేయించాం. దూరం సంగతి చిన్నమ్మకు జానెడు, మీటరు కొలిచి చూపించి చెప్పాను. చాలాసేపు తన పాదం వైపు చూస్తూ కూర్చుంది.

మాస్టారుగారు, మందల డాక్టర్‌గారు, ముఖం చచ్చుబడే సంగతి మీద మా లెక్చరర్‌ను కూడా అడిగి, ఆయన ఏమన్నారో ఇక్కడే రాస్తాను.